'కోసం' అనే మాట

ఆదివారం. మడివాళ మార్కెట్ నుంచి కూరగాయలు తెచ్చేసరికి పిన్ని కూతురు వచ్చి కూర్చుంది. రేపు తనకి ఇంటర్నల్ పరీక్ష. ఇంటర్ దాకా అనంతపురంలో తెలుగు మీడియం, ఇక్కడ బీఎస్సీ ఇంగ్లీషులో. అందుకని నోట్సు రెండు భాషల్లోనూ రాసుకుంటుంది. ఆ పద్ధతి నాకు చాలా ఇష్టం.

"యాంటీబయాటిక్‌ను తట్టుకోవడం కోసం బ్యాక్టీరియా మారుతుంది" అని రాసుంది. ఆ 'కోసం' దగ్గర ఆగిపోయాను.

"మందుకి అలవాటు పడుతుంది కదక్కా?" అంది.

కారానికి అలవాటు పడ్డాం, బెంగళూరు చలికి అలవాటు పడ్డాం అని రోజూ అనుకుంటాం. తప్పు ఆ మాటతోనే లోపలికి వచ్చేస్తుంది. నాచురల్ సెలెక్షన్‌ని 'ప్రకృతి వరణం' అన్నా అంతే, స్వయంవరంలోలాగా ఎంచుకునేవాళ్లెవరో ఉన్నట్టు తోస్తుంది.

1952లో జాషువా, ఎస్తర్ లెడర్‌బర్గ్ అనే శాస్త్రవేత్త దంపతులు చేసిన ప్రయోగం చెప్పాను. స్టీలు పళ్లెంలో తడి పసుపు చుక్కలు పెట్టి, పాత రవికె గుడ్డ అద్ది, ఆ గుడ్డని రెండు కాగితాల మీద వరసగా ఒత్తాను. చుక్కలు రెండింటి మీదా అవే చోట్ల పడ్డాయి. వాళ్లు వాడింది వెల్వెట్ గుడ్డ. మందు లేని ప్లేటులో దట్టంగా పెరిగిన బ్యాక్టీరియాని దానికి అద్ది, స్ట్రెప్టోమైసిన్ ఉన్న ప్లేట్ల మీద ఒత్తారు. దాదాపు అన్నీ చచ్చిపోయాయి. ఎక్కడో ఒకటీ అరా కాలనీలు, అంటే బ్యాక్టీరియా పెరిగిన చుక్కలు, మిగిలాయి.

"మందు తగిలాక మారుంటే, మిగిలిన కాలనీలు ఒక్కో ప్లేటులో ఒక్కో చోట ఉండాలి కదా?" అని అడిగాను. తను కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. "అన్నిట్లో ఒకే చోట వచ్చాయా?" అంది. అవును, ఒకే చోట. అంటే తట్టుకునేవి మొదటి ప్లేటులో ఆ చోట ముందే ఉన్నాయి.

వాళ్లు అక్కడితో ఆగలేదు. మందు సోకని మొదటి ప్లేటులో సరిగ్గా ఆ చోటునుంచి బ్యాక్టీరియా తీసి పెంచారు. మళ్లీ అద్ది, మళ్లీ చోటు వెతికి, మళ్లీ పెంచారు. చివరికి పూర్తిగా మందుని తట్టుకునే బ్యాక్టీరియా చేతికొచ్చింది. దాని పూర్వీకుల్లో ఒక్కటి కూడా స్ట్రెప్టోమైసిన్ ముఖం చూడలేదు! ఇది చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

"మరి మందు ఏం చేసినట్టు?"

తట్టుకోలేనివాటిని చంపింది. చచ్చినవేవీ మారలేదు, మిగిలినవీ అప్పుడు మారలేదు. మారింది గుంపులో వాటి వాటా. కొన్ని మందులు ఉత్పరివర్తనాల, అంటే జన్యువుల్లో వచ్చే మార్పుల, వేగాన్ని పెంచే మాట నిజమే, కానీ కావలసిన మార్పునే ఏరి తెచ్చిపెట్టవు.

తను ఆ వాక్యం కొట్టేసి ఇలా రాసింది: "ముందే తట్టుకోగలిగిన కొన్ని బ్యాక్టీరియాలు బతికి పిల్లల్ని కనడం వల్ల, వాటి సంతతి ఎక్కువైంది." తర్వాత ఇంగ్లీషు పేజీలు తిప్పింది. అక్కడ 'ఇన్ ఆర్డర్ టు' మూడు చోట్ల దొరికింది. నేను వంటింట్లోకి వెళ్లేసరికి రెండోది కొట్టేస్తోంది.