రోల్‌బ్యాక్‌లో నాకు దొరకకుండా తిరిగిన ఒక రాండమ్ సంఖ్య

ఇద్దరు ఆడే ఫైటింగ్ గేమ్ ఒకటి రాసి, సింగపూర్‌లో ఉన్న మా తమ్ముడితో నెట్ మీద ఆడాలనుకున్నాను. ఆట సెకనుకు 60 ఫ్రేములతో నడుస్తుంది. అతడు నొక్కిన బటన్ నన్ను చేరడానికి సుమారు 50 మిల్లీసెకన్లు, అంటే మూడు ఫ్రేములు పడుతోంది. అది వచ్చేదాకా ఆటను ఆపితే నా దెబ్బ కూడా ఆలస్యంగా పడుతుంది కాబట్టి రోల్‌బ్యాక్ పద్ధతిని ఎంచుకున్నాను.

ఈ పద్ధతిలో, అవతలి ఆటగాడు కిందటి ఫ్రేములో ఏ బటన్ పట్టుకున్నాడో ఇప్పుడూ అదే పట్టుకున్నాడని ఊహించి ఆట ముందుకు సాగుతుంది. 100వ ఫ్రేములో తమ్ముడు కాచుకుంటూనే ఉన్నాడని నా కంప్యూటర్ ఊహించిందనుకుందాం. నిజానికి అతడు గుద్దు బటన్ నొక్కాడు, ఆ సంగతి నాకు 103లో అందింది. అప్పుడు 100వ ఫ్రేము మొదట్లో దాచిన స్థితిని తిరిగి ఎక్కించి, సరైన ఇన్‌పుట్‌తో 100, 101, 102లను బొమ్మ గీయకుండా మళ్లీ లెక్కగట్టి, 103ను మాత్రమే తెర మీద చూపాలి. ఈ నాలుగు ఫ్రేముల లెక్కా 16.7 మిల్లీసెకన్లలోపు ముగియాలి. నా ఆట చిన్నది కనుక అందులో ఇబ్బంది రాలేదు.

ఇబ్బంది మరోచోట వచ్చింది. ఆట మొదలైన రెండు నిమిషాలకు తమ్ముడు ఫోన్‌లో, "అన్నయ్యా, నువ్వు పడిపోయావు కదా, ఇంకా ఆడుతున్నావేమిటి?" అన్నాడు. నా తెర మీద నేను నిలబడే ఉన్నాను.

రోల్‌బ్యాక్ కోసం వాడే జీజీపీఓ లైబ్రరీలో ఉన్న సింక్ టెస్ట్ వంటిదాన్ని నేనూ రాసుకున్నాను. ఒకే కంప్యూటర్‌లో ప్రతి ఫ్రేమునూ ఒకసారి నడిపి, వెనక్కి వెళ్లి అదే ఇన్‌పుట్‌తో మళ్లీ నడిపి, రెండు స్థితుల చెక్‌సమ్‌లనూ, అంటే స్థితి మొత్తాన్ని కుదించి చూపే సంఖ్యలనూ, పోల్చే పరీక్ష అది. దెబ్బ తగిలిన ఫ్రేముల్లోనే తేడా కనిపించింది. అలాంటి ఒక ఫ్రేములో మొదటిసారి 412 దగ్గర ఆగిన పాత్ర, రెండోసారి 414 దగ్గర ఆగింది. కారణం ఈ వరుసలో ఉంది:

```
if (hit) p2.x += 8 + rng() % 3;
```

రాండమ్ సంఖ్యల సీడ్‌ను, అంటే తర్వాత ఏ సంఖ్య రావాలో నిర్ణయించే విలువను, నేను దాచే స్థితిలో చేర్చలేదు. పైగా దెబ్బ తగిలినప్పుడు ఎగిరే నిప్పురవ్వలు కూడా అదే సీడ్‌ను వాడుకుంటున్నాయి. ఇద్దరి కంప్యూటర్లూ వేర్వేరుసార్లు వెనక్కి వెళ్తాయి కాబట్టి, రెండింటి సీడ్‌లూ మెల్లగా వేరయ్యాయి. సీడ్‌ను స్థితిలో చేర్చి, నిప్పురవ్వలకు వేరే సీడ్ ఇచ్చాక పరీక్ష నెగ్గింది.

అయితే రెండు కంప్యూటర్ల మధ్య దశాంశ లెక్కల్లో వచ్చే తేడాను ఈ పరీక్ష పట్టలేదు. అందుకే పాత్రల స్థానాలను పూర్ణాంకాలకు మార్చి, ఆట నడుస్తుండగా చెక్‌సమ్‌లను ఇచ్చిపుచ్చుకునేలా చేశాను. ఊహతో నడిచిన ఫ్రేముల్లో తేడా రావడం సహజం కనుక, ఇద్దరి ఇన్‌పుట్‌లూ అందిన ఫ్రేముల చెక్‌సమ్‌లనే పంపుతున్నాను.