పితూరీ కాకుండా పైవాళ్ళకి చెప్పడం: నా అనుభవం

ప్రతి ఉదయం ఆరింటికల్లా మా టీమ్ ఒక రిపోర్టు పంపాలి. దానికి కావలసిన ఫైలు రాత్రి రెండింటికి ఇంకో టీమ్ నుంచి వస్తుంది. మా ప్రోగ్రాం నడవడానికి మూడు గంటలు పడుతుంది కాబట్టి ఓ గంట వెసులుబాటు ఉంటుంది. ఫైలు వేళకి రాకపోతే రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్ళ ఫోన్ మోగుతుంది. అలా వంతులవారీగా ఫోన్ ఎత్తేవాళ్ళం ముగ్గురం. మూడు నెలలుగా ఆ ఫోన్ తరచుగా మోగుతోంది.

మా మేనేజర్ పట్టించుకోలేదని నేననను. అవతలి టీమ్ మేనేజర్‌తో ఆయన మూడుసార్లు మాట్లాడారు. వాళ్ళూ కాదనలేదు. "చూస్తాం" అనేవారు. నాలుగు రోజులు సజావుగా సాగేది, మళ్ళీ మొదటికొచ్చేది.

ఒక రాత్రి మూడూ నలభైకి, ఫైలు కోసం ఎదురుచూస్తూ, డైరెక్టర్‌కి మెయిల్ రాయడం మొదలుపెట్టాను. ఆవిడ మా మేనేజర్‌కి మేనేజర్. ఇరవై నిమిషాల్లో పెద్ద మెయిలే తయారైంది. అదృష్టం కొద్దీ పంపలేదు, డ్రాఫ్ట్‌లో ఉంచాను.

పొద్దున్న లేచి చదువుకుంటే మెయిల్లో ఎవరి పేరూ లేదు. తిట్టూ లేదు. అయినా ప్రతి వాక్యంలో ఒక వేలు ఎవరివైపో చూపిస్తూనే ఉంది. "ఎన్నిసార్లు చెప్పినా", "ఇప్పటికీ", "కనీసం సమాచారమైనా ఇవ్వకుండా". ఇవి తీసేస్తే మిగిలిన విషయం నాలుగు లైన్లు. అన్నిటికన్నా నన్ను ఆపింది "మా స్థాయిలో చేయగలిగినవన్నీ చేశాం" అన్న వాక్యం. నాకది మర్యాదగానే అనిపించింది. మా మేనేజర్ కళ్ళతో చదివితే మాత్రం "ఈయన వల్ల కాలేదు" అని ఉంది. డైరెక్టర్ చదివినా అలాగే అర్థమవుతుంది.

మాటలు మార్చి లాభం లేదని, ముందు లెక్క తీద్దామని కూర్చున్నాను. నా మనసులో ఉన్నది "రోజూ లేటే" అని. పన్నెండు వారాల లాగ్‌లు తీశాను. వారానికి ఐదు రాత్రుల చొప్పున 60 రాత్రులు. అందులో రిపోర్టు ఆలస్యమైనవి 17. రోజూ కాదన్నమాట. ఇంకా ఇబ్బంది పెట్టిన సంగతి, ఆ 17లో 4 మా తప్పే. ఫైలు వేళకే వచ్చింది, మా సర్వర్‌లో డిస్క్ నిండిపోయి ప్రోగ్రాం ఆగిపోయింది. ఆ రాత్రుల్లో కూడా మేం అవతలివాళ్ళనే తిట్టుకున్నాం.

మిగిలిన 13 తేదీలు క్యాలెండర్ మీద పెడితే 11 మంగళ, శుక్రవారాల్లోనే పడ్డాయి. అవతలి టీమ్‌లో నాకు చనువున్న ఒకతన్ని అడిగితే ఒక్క నిమిషంలో చెప్పాడు. ఆ రెండు రాత్రులూ ఒంటిగంటకి ఫుల్ బ్యాకప్ మొదలవుతుంది. వాళ్ళ ఫైలు తయారయ్యేదీ అదే సమయంలో, అదే డిస్కుల మీద. మామూలుగా నలభై నిమిషాల్లో అయ్యే పని ఆ రెండు రాత్రుల్లో ఒక్కోసారి రెండున్నర గంటలు పడుతుంది. బ్యాకప్ వేళ మార్చాలంటే వాళ్ళ మేనేజర్ చేతిలో లేదు, అది స్టోరేజ్ టీమ్ షెడ్యూలు. ఆ స్టోరేజ్ టీమ్‌కేమో మా రిపోర్టు అనేది ఒకటుందనే తెలియదు.

ఇది తెలిశాక నా కోపం చాలావరకు దిగిపోయింది. మా మేనేజర్ అడిగిన మనిషికి ఆ పని చేసే అధికారం లేదు. అధికారం ఉన్నవాళ్ళని ఎవరూ అడగలేదు. ఈ మూడు టీమ్‌లకీ పైన ఉన్న మొదటి మనిషి డైరెక్టర్. ఆవిడ దగ్గరికి వెళ్ళాల్సిన కారణం ఇదొక్కటే, ఎవరో పని చేయకపోవడం కాదు. పైకి వెళ్ళాలనుకునేవాళ్ళు ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలా మెయిళ్ళు అవసరమే పడవని నాకనిపిస్తుంది: కావలసిన నిర్ణయం ఎవరి చేతిలో ఉంది? అది మన మేనేజర్ చేతిలోనే ఉంటే పైకి పంపేది పితూరీయే, ఎంత తియ్యగా రాసినా.

తర్వాత మేనేజర్‌తో మాట్లాడాలి. నిజం చెప్పాలంటే డైరెక్టర్‌కి రాయడం కన్నా దీనికే ఎక్కువ టెన్షన్ పడ్డాను. మెయిల్ పంపేశాక చెప్పడమా, ముందే చెప్పడమా అన్న సందేహం మాత్రం లేదు. మన కింద పనిచేసే మనిషి రాసిన విషయం మన బాస్ నోటి వెంట మొదటిసారి వినడం ఎవరికైనా తల కొట్టేసినట్టే ఉంటుంది.

లెక్క ముందు పెట్టి చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నేను చూస్తున్నాను కదా, నాతో చెప్పావు కదా" అన్నారు.

"మీరు అడిగారు, వాళ్ళూ ఒప్పుకున్నారు. కానీ బ్యాకప్ వేళ మార్చడం మీ ఇద్దరి చేతిలోనూ లేదు. స్టోరేజ్ వాళ్ళతో తేల్చగలిగింది డైరెక్టర్ గారే. మీరు రాస్తారా, నన్ను రాయమంటారా, ఇద్దరం కలిసి వెళ్దామా?" అని అడిగాను.

"వెళ్ళొచ్చా" అని అడగలేదు, గమనించండి. అలా అడిగితే "వద్దు" అనడం తేలిక. "వద్దు" అంటే ఏమనాలో కూడా అనుకుని వెళ్ళాను: "సరే, ఏ తేదీలోపు తేలకపోతే పంపుదాం?" అని. ఆ అవసరం రాలేదు. "నువ్వు రాయి, నాకు పంపు, నేను నాలుగు మాటలు చేర్చి ఫార్వర్డ్ చేస్తాను" అన్నారు.

పంపేముందు ఆ తేదీల పట్టికని అవతలి టీమ్ లీడ్‌కి కూడా పంపాను. "మా లెక్క ఇది, తప్పుంటే దిద్దండి" అని. ఆయన ఒక తేదీ కొట్టేశారు. ఆ రాత్రి మెయింటెనెన్స్ ఉందని వాళ్ళు ముందే మెయిల్ ఇచ్చారట. వెతికితే నిజంగానే ఉంది, మేమే చూసుకోలేదు. 13 కాస్తా 12 అయింది. ఆ తేదీ అలాగే పైకి వెళ్ళి ఉంటే మీటింగ్ అంతా దాని చుట్టూనే తిరిగేది. ఒక్క అంకె తప్పని తేలితే మిగతావన్నీ అనుమానం పాలవుతాయి.

చివరికి వెళ్ళిన మెయిల్ ఇది. రాసింది ఇంగ్లీషులో, సారాంశం తెలుగులో ఇస్తున్నాను. సబ్జెక్ట్ లైన్: "ఉదయం రిపోర్టు, రాత్రి బ్యాకప్: షెడ్యూలుపై మీ నిర్ణయం కావాలి".

"గత 60 రాత్రుల్లో 16 సార్లు రిపోర్టు ఆరు దాటాక వెళ్ళింది. 4 సార్లు కారణం మా సర్వర్ డిస్క్, దాన్ని సరిచేశాం. 12 సార్లు ఫైలు ఆలస్యంగా వచ్చింది, వాటిలో 11 బ్యాకప్ రాత్రులు. ఫైలు తయారీ, బ్యాకప్ ఒకే సమయంలో ఒకే డిస్కులను వాడుతున్నాయి. రెండు టీమ్‌లూ దీని మీద కలిసి పనిచేశాయి, కానీ బ్యాకప్ షెడ్యూలు ఈ రెండింటి పరిధిలో లేదు. రెండు దారులు కనిపిస్తున్నాయి. బ్యాకప్‌ను రెండున్నరకి జరపడం ఒకటి, దీనికి స్టోరేజ్ టీమ్ ఒప్పుకోవాలి. ఆ రెండు రోజులూ రిపోర్టును ఏడున్నరకి మార్చడం రెండోది, దీనికి రిపోర్టు వాడేవాళ్ళు ఒప్పుకోవాలి. మాకు మొదటిది నయమనిపిస్తోంది. నెలాఖరులోపు ఏదో ఒకటి తేలితే వచ్చే నెల డ్యూటీలు దానికి తగ్గట్టు వేసుకుంటాం."

మా తప్పు ముందు రాయడం వినయం కోసం కాదు. మా నాలుగూ ఒప్పుకున్నాక మిగతా పన్నెండింటి మీద ఎవరూ వాదించలేదు.

మీటింగ్‌లో మాత్రం తడబడ్డాను. "వాళ్ళ బ్యాకప్" అనేశాను. అవతలి మేనేజర్ ముఖం బిగుసుకుంది. "బ్యాకప్ మాది కాదు" అన్నారు వెంటనే. "అవును, పొరపాటుగా అన్నాను, స్టోరేజ్ షెడ్యూలు" అని దిద్దుకున్నాను. రాతలో వారం రోజులు జాగ్రత్తపడ్డ మాట నోట్లోంచి అరక్షణంలో జారింది.

అసలు చిక్కు ప్రశ్న డైరెక్టర్ అడిగారు: "మూడు నెలలు ఎందుకు పట్టింది?" మా మేనేజర్ పక్కనే ఉన్నారు. ఆ ప్రశ్నకి నిజాయితీగా జవాబు చెబితే ఎవరో ఒకరి మీద పడుతుందనిపిస్తుంది. నేను చెప్పింది ఇది: "మొదట్నుంచీ ఫైలు వైపే చూశాం. వారాల వారీగా లెక్క తీసేదాకా బ్యాకప్ సంగతి తట్టలేదు. అది తీసి రెండు వారాలే అయింది." అది నిజమే. ఆ లెక్క తీయాల్సింది నేనే కాబట్టి నా మీద పడ్డా నష్టం లేదు. ఆవిడ ఇంకేమీ అడగలేదు, స్టోరేజ్ వాళ్ళని లైన్‌లోకి తీసుకున్నారు.

నేను కోరుకున్నది సగమే దొరికింది. శుక్రవారం బ్యాకప్ రెండున్నరకి జరిగింది. మంగళవారానిది వేరే సిస్టమ్‌లతో ముడిపడి ఉంది, కదపలేమన్నారు. ఆ ఒక్కరోజు రిపోర్టు వేళ ఏడున్నర అయింది. ఆ మార్పు గురించి రిపోర్టు వాడేవాళ్ళకి చెప్పే పని మా మీదే పడింది, వాళ్ళతో ఇంకో చిన్న యుద్ధం జరిగింది కానీ అది వేరే కథ.

ఇదంతా మేనేజర్ మంచివాడై, అధికారం చాలని చోట పనికొచ్చిన పద్ధతి. సమస్య మేనేజరే అయితే, అంటే వేధింపో, డబ్బు లెక్కల్లో మోసమో, చెప్పినందుకు కక్ష సాధింపో అయితే, మెయిల్ ముందుగా ఆయనకి చూపించమని నేను చెప్పను. వాటికి హెచ్‌ఆర్ లేదా ఫిర్యాదుల కమిటీ దారి వేరే ఉంది, అక్కడ మెత్తగా రాయాల్సిన పనీ లేదు.

ఆరు వారాల తర్వాత ఒక శుక్రవారం రిపోర్టు మళ్ళీ ఆలస్యమైంది. పొద్దున్నే ఆ పాత మెయిల్ తెరిచి రిప్లై కొట్టడానికి సిద్ధమయ్యాను, మొదటి పదం "మళ్ళీ". అది టైప్ చేశాక చేయి ఆగింది, లాగ్ చూశాను. ఫైలు ఒంటిగంటా యాభైకే వచ్చింది. నిండింది మా డిస్కే. "మళ్ళీ" చెరిపేసి, అందరూ ఉన్న ఆ మెయిల్లోనే రాశాను: "ఈ రోజు ఆలస్యానికి కారణం మా సర్వర్. పాత ఫైళ్ళు వాటంతటవే చెరిగిపోయేలా బుధవారంలోపు పెడుతున్నాం."

అవతలి టీమ్ లీడ్ నుంచి ఒక బొటనవేలి బొమ్మ వచ్చింది.