తాత కుండ మోగిన చప్పుడు

పొద్దున పదకొండుకు పలమనేరు తాతతో ఇంటర్వ్యూ. ఆయన చిన్నప్పటి నుంచీ మట్టి పని చేస్తున్న మనిషి. ఆయన అక్కడ, నేను ఇక్కడ తిరుపతిలో మా గదిలో. పోయిన నెల కాల్‌నే రికార్డు చేస్తే నెట్ సగం మాటలు మింగేసింది. అందుకని ఈసారి ఎవరి గొంతు వాళ్ల దగ్గరే రికార్డు చేసి, తర్వాత కలుపుదామనుకున్నాం.

తాత మనవడికి నిన్న రాత్రే చెప్పాను, కాల్ ఒక ఫోన్‌లో, రికార్డింగ్ ఇంకో ఫోన్‌లో పెట్టమని. కాల్ నడుస్తున్న ఫోన్‌లోనే రికార్డర్ పెడితే చాలాసార్లు మైకు కాల్‌కే పోతుంది, ఫైల్ ఖాళీగా వస్తుంది. రెండో ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో, తాత నోటికి జానెడు దూరంలో పెట్టాడు. ఫార్మాట్ WAV, 48 కిలోహెర్ట్జ్. తాతకు ఇయర్‌ఫోన్లు తప్పనిసరి. లేకపోతే నా గొంతు ఆయన ఫైల్‌లోకి కూడా దూరి, కలిపాక రెండుసార్లు వినిపిస్తుంది. నా వైపు నా మైకుతో పాటు, కాల్‌లో వచ్చే తాత గొంతును కూడా విడిగా రికార్డు చేశాను. ఈ కాల్ ట్రాక్ వాడడానికి కాదు, తాత ఫైల్‌ను ఎక్కడ పెట్టాలో తెలిపే గుర్తు కోసం.

మొదట్లో తాత ఒక చప్పట కొట్టాడు. "ఇంకోటి కొట్టాల్నా నాయనా?" అన్నాడు. చివర్లో కొడితే చాలన్నాను.

రాత్రి మనవడు ఫైల్‌ను డాక్యుమెంట్‌గా పంపాడు, 288 ఎంబీ. ఆడియో ఎడిట్ చేసే ఆడాసిటీలో తెరిచి, తాత ఫైల్‌లోని మొదటి చప్పటను కాల్ ట్రాక్‌లోని చప్పట కిందికి జరిపాను. ఇద్దరం ఒకేసారి కొట్టి ఆ రెండు చప్పట్లనూ కలిపితే కుదరదు, నెట్‌లో గొంతు ఆలస్యంగా వస్తుంది కదా. నేను ఆయన మాట ఎప్పుడు విన్నానో అక్కడే ఆ మాట ఉంటేనే సంభాషణ సహజంగా ఉంటుంది.

మొదటి పది నిమిషాలు చక్కగా ఉంది. చివరికొచ్చేసరికి తాత జవాబులు కాస్త వెనకబడ్డట్టు అనిపించింది. చివరి చప్పట చూస్తే 240 మిల్లీసెకన్లు తేడా. యాభై నిమిషాల్లో రెండు యంత్రాల గడియారాలు అంత దూరం జరిగాయన్నమాట. ఏ రెండు గడియారాలూ అచ్చంగా ఒకే వేగంతో నడవవు. ఫైల్ మొత్తాన్నీ సాగదీయడం, కుదించడం నాకు ఇష్టం లేదు. తాత ఊపిరి తీసుకునే చోట, మాట లేని నాలుగు చోట్ల, 60 మిల్లీసెకన్ల చొప్పున కోసేశాను. చివరి చప్పట కూర్చుంది. కాల్ ట్రాక్ మ్యూట్ చేశాను.

మధ్యలో తాత కాలిన కుండను వేలి కణుపుతో తట్టాడు. "బాగా కాల్తే ఖంగుమంటాది, పగులుంటే బొంగురుగా పలకతాది" అన్నాడు. కాల్ ట్రాక్‌లో అది "టప్" అని తెగిపోయింది. కాల్ యాప్ మాట కాని చప్పుడునల్లా రొద అనుకుని నొక్కేస్తుంది మరి. తాత ఫైల్‌లో మాత్రం ఆ ఖంగు మొత్తం ఉంది, సన్నగా సాగి, రెండు క్షణాల తర్వాత ఆరిపోయేదాకా. నాలుగుసార్లు వెనక్కి పోయి విన్నాను.