కుళ్లు ఎంత, బాధ ఎంత: ముందు నేను తేల్చుకున్నాను

మాది విడవలూరు పక్క పల్లె. నేనూ మావాడూ చిన్నప్పట్నుంచీ జంట, రొయ్యల చెరువులు కూడా ఒకే ఏడాది మొదలుపెట్టాం. పోయిన పంటకు నా చెరువులో రొయ్యలకు తెల్లమచ్చ రోగం పడింది. 55వ రోజునే, వంద కౌంటులో ఉండగానే పట్టేశాను, అంటే కిలోకు వంద రొయ్యలు. వాడికి పెద్ద రొయ్యలు, ముప్పై కౌంటు వచ్చింది.

ఇక రోజూ సాయంత్రం టీ బంకు దగ్గర అదే పాట. ఎన్ని టన్నులు, ఏ రేటు, కొత్త కారు ఎంత పడింది. చివర్లో నా వైపు తిరిగి, "నీకు మేత డబ్బులైనా వచ్చాయా?" అనేవాడు.

ఒకరోజు నలుగురిలో నేను, "ఏందిరా, కారు కంటే నీ మాటలే మైలేజీ ఎక్కువ ఇస్తుండాయే" అన్నాను. అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు. "పంట పోయినోడికి అట్నే ఉంటది లే" అన్నాడు. నాకు నోరు పెగల్లేదు. నాలుగు రోజులు బంకు వైపే పోలేదు.

ఇంట్లో చెప్తే మా ఆవిడ, "నీకు కుళ్లు లేదా మరి?" అంది. ఉంది. అందుకే ఒక లెక్క వేసుకున్నాను: నాకూ ముప్పై కౌంటే వచ్చుంటే, వాడి మాటల్లో ఏది గుచ్చుకునేది? రేటు, టన్నులు గుచ్చుకోవు, అవి మేమంతా అడిగి తెలుసుకునేవే. కారు వాడి సంబరం. నలుగురి ముందు నా నష్టాన్ని లాగడం మాత్రం అప్పుడైనా గుచ్చుకునేదే. కాబట్టి అడగాల్సింది అదొక్కటే, మిగతాది నా సమస్య.

"అందరూ అదే అనుకుంటున్నారు" అని కూడా చెబుదామనుకున్నాను. మా ఆవిడ వద్దంది. అలా అంటే నా మాట వదిలేసి, ఆ అందరూ ఎవరెవరా అని వెతుక్కుంటాడంట. నిజమే.

మర్నాడు పొద్దున్నే వాడి చెరువు గట్టుకు పోయాను. చెక్ ట్రే పైకి లాగి, మేత మిగిలిందా అని చూస్తున్నాడు. ఇంకెవరూ లేరు.

"రేయ్, నీ పంట చూసి నాకు కొంచెం కుళ్లు పుట్టిన మాట నిజమే, దాచను. బంకు దగ్గర ఆ జోకు వేయడం నాదే తప్పు. కానీ మొన్న ఆదివారం అందరి ముందు నా మేత డబ్బుల సంగతి అడిగావే, అది బాధేసింది. నా చెరువు గురించి మనిద్దరమే ఉన్నప్పుడు అడుగు, చెప్తా."

వాడు ట్రే నీళ్లలోకి దించి, తాడు కట్టేదాకా మాట్లాడలేదు. "అట్టా అడిగానా నేను?" అన్నాడు.

"అడిగావు."

"ఊరికే అన్నా లేరా" అని, కాసేపాగి, "సరే" అన్నాడు.

కోతలేమీ ఆగలేదు. కారు రేటు ఇప్పటికి ఇరవైసార్లు విన్నాను. నా చెరువు మాట నోటిదాకా వస్తే మాత్రం సగంలో ఆపి, టీ గ్లాసు ఎత్తుకుంటున్నాడు. నిన్న నన్ను పక్కకు పిలిచి, "ఈసారి సీడు టెస్ట్ చేయించినావా?" అని మెల్లగా అడిగాడు.