రోలర్ల ఫ్యాక్టరీకి రాసిన రెండో ఉత్తరం

బాలానగర్‌లో కన్వేయర్ రోలర్లు తయారు చేసే ఒక చిన్న ఫ్యాక్టరీకి వెబ్‌సైటు చేసిపెడతానని నేను రాసిన మొదటి ప్రతిపాదన తొమ్మిది పేజీలు వచ్చింది. నా పాత పనుల బొమ్మలు, వాడబోయే సాఫ్ట్‌వేర్ల పేర్లు, ఫోనులో సైటు ఎలా కనిపిస్తుందో వివరణ, అన్నీ అందులో ఉన్నాయి. చివరి పేజీలో మాత్రం ఒకే ఒక్క అంకె: 65,000 రూపాయలు. యజమాని ముందుగా చివరి పేజీనే తిప్పారు. చూసి, కాగితాలు బల్ల మీద పెట్టి, "ఇంతకీ ఇందులో నాకు వచ్చేది ఏమిటమ్మా?" అని అడిగారు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. తొమ్మిది పేజీల్లో ఆ సంగతి ఎక్కడా లేదు కాబట్టే అడిగారు.

బయలుదేరుతుంటే, ఉత్పత్తుల వివరాలకు పనికొస్తుందని తమ పాత కొటేషన్ నకలు ఒకటి చేతికిచ్చారు. ఒక కంకర క్రషర్‌కు పంపినది. బస్సులో కూర్చుని చదివాను. మొత్తం ఒకే పేజీ. పైపు వ్యాసం 89 మిల్లీమీటర్లు, షాఫ్టు 20 మిల్లీమీటర్లు, బేరింగ్ 6204, రోలర్లు 120, ఒక్కోదాని ధర ఇంత. కింద షరతులు: జీఎస్టీ అదనం, రవాణా కొనేవారిదే, సగం అడ్వాన్సు, మిగతా సగం సరుకు బయలుదేరే ముందు. డెలివరీ మూడు వారాలు, అదీ డ్రాయింగ్ ఆమోదం, అడ్వాన్సు రెండూ అందిన రోజు నుంచి. ఈ ధర 15 రోజుల వరకే చెల్లుతుంది.

ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాను. ఏం ఇస్తారో, ఏం ఇవ్వరో, గడువు ఎప్పటి నుంచి లెక్కో, డబ్బు ఎప్పుడు రావాలో అంతా అందులో ఉంది. ఈయన రోజూ ఇలాంటివి రాసి సంతకం పెట్టే మనిషి. నా ఉత్తరం కూడా ఆయన కొటేషన్ పద్ధతిలోనే, తెలుగులోనే రాయాలనుకున్నాను.

రాయడానికి ముందు మళ్ళీ ఒక పూట ఫ్యాక్టరీ ఆఫీసులో కూర్చున్నాను. ఆ పూట నాకు రెండు సంగతులు తెలిశాయి.

ఒకటి ఫోను గురించి. "రోలరు రేటెంత?" అని ఎవరో అడుగుతారు. ఏ సైజు అంటే చెప్పలేరు. వ్యాసం కనుక్కుని ఒకసారి, షాఫ్టు కొలిచి ఒకసారి, బేరింగ్ నంబరు చూసి ఇంకోసారి ఫోను చేస్తారు. ఒక్క కొటేషన్‌కు నాలుగు ఫోన్లు. యజమాని అడిగిన ప్రశ్నకు సమాధానం అక్కడ దొరికింది. కొలతలన్నీ ఒకేసారి అడిగి, డ్రాయింగ్ కూడా జతచేయించుకునే ఎంక్వైరీ ఫారం ఉంటే, కొటేషన్ రాయడానికి కావలసినదంతా ఒకే మెయిల్‌లో వస్తుంది.

రెండోది డొమైను గురించి. వాళ్ళకు పాత సైటు ఒకటి ఉంది. దాని రెన్యువల్ నోటీసులు ఎవరికి వస్తాయని అడిగితే ఆఫీసులో ఎవరికీ తెలియదు. సైటు చేసిన పాతాయన తన సొంత ఖాతాలోనే డొమైను కొన్నారు, నోటీసులు ఆయనకే వెళుతున్నాయి. ఫ్యాక్టరీ మెయిల్ కూడా అదే డొమైను మీద నడుస్తోంది. ఇది చూడకుండా కొత్త సైటు ఎక్కించి, డొమైను సెట్టింగుల్లో మెయిల్ ఎక్కడికి చేరాలో చెప్పే `MX` రికార్డులు పోగొడితే, సైటు చక్కగా తెరుచుకుంటుంది కానీ మెయిళ్ళు రావు. కొనుగోలు ఆర్డర్లు మెయిల్‌లో వచ్చే చోట ఆ సంగతి తెలిసేలోపు ఆర్డరు ఇంకొకరికి వెళ్ళిపోతుంది. అందుకే ఉత్తరంలో మొదటి పనిగా ఇది పెట్టాను: "డొమైను మీ సంస్థ పేరున, మీ ఖాతాలోకి మార్పించడం. పాత రికార్డులన్నీ ముందుగా రాసిపెట్టుకుని, మార్పు తర్వాత మెయిల్ వచ్చేది, పోయేది రెండూ మీ ఎదుటే పరీక్షించడం."

తర్వాత పని పరిధి. ఏడు పేజీలు, 24 ఉత్పత్తులు, ఎంక్వైరీ ఫారం, ఒక రోజు ఫ్యాక్టరీలో ఫొటోలు. డిజైనులో మార్పులు రెండు విడతలు, ఆపైన ప్రతి విడతకూ అదనం. దాని కిందే చేయనివి రాశాను: ఆన్‌లైన్ చెల్లింపులు, గూగుల్ ప్రకటనలు, కొత్త లోగో, హిందీ పేజీలు. అంతకుముందు ఒక పనికి "వెబ్‌సైటు తయారీ" అని రెండు మాటలు రాసి ఒప్పుకున్నాను. ఆరు వారాల పని అయిదు నెలలు సాగింది. అడిగినవారి తప్పు లేదు. హద్దు నేను గీయలేదు.

గడువు దగ్గర ఆయన వాక్యాన్నే తీసుకున్నాను: "అడ్వాన్సు, ఉత్పత్తుల కొలతల పట్టిక, డొమైను ఖాతా వివరాలు, ఈ మూడూ అందిన రోజు నుంచి ఆరు వారాలు. డిజైను పంపాక నాలుగు పనిదినాల్లో ఆమోదమో, మార్పులో చెప్పాలి. ఆలస్యమైతే అన్ని రోజులూ గడువుకు కలుస్తాయి." నా అనుభవంలో వెబ్‌సైటు పని ఆగేది కోడ్ దగ్గర కాదు, కొలతల పట్టిక కోసం ఎదురుచూసే చోట.

ధరను నాలుగు ముక్కలుగా విడగొట్టాను. డిజైను, పేజీలకు 36,000, ఉత్పత్తుల పట్టిక, ఫారానికి 14,000, ఫొటోలకు 8,000, డొమైను, మెయిల్ సర్దుబాటుకు 4,000. మొత్తం 62,000. హోస్టింగ్, డొమైను ఏటేటా కట్టేవి నా బిల్లులో కలపలేదు. ఆయనే నేరుగా తన ఖాతా నుంచి కడతారని రాశాను. డొమైను ఇంకొకరి చేతిలో ఉండిపోయిన ఇబ్బంది మళ్ళీ రాకూడదు కదా. నా రాబడి ఏడాదికి 20 లక్షల లోపే కాబట్టి జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదని, బిల్లులో పన్ను ఉండదని, ఆ మేరకు ఆయనకు ఇన్‌పుట్ క్రెడిట్ కూడా రాదని ముందే చెప్పాను. ఫ్యాక్టరీ వారు మొదట అడిగే ప్రశ్న అదే.

రెండు పేజీల ఉత్తరాన్ని ఆయన ఈసారి మొదటి పేజీ నుంచి చదివారు. షరతుల దగ్గరికి వచ్చేసరికి ఆగి, "ఇవి మావేనే" అన్నారు. అవునండీ, మీ కొటేషన్ నుంచే తీసుకున్నానని చెప్పాను. సగం అడ్వాన్సు, మిగతా సగం సైటు జనానికి తెరిచే ముందు. ఆ వాక్యం మీద ఒక్క మాట కూడా అనలేదు.

బేరం మాత్రం వచ్చింది. "మా బావమరిది కొడుకు 15 వేలకు చేస్తానంటున్నాడు." పనిని అలాగే ఉంచి ధర తగ్గిస్తే, ముందు చెప్పిన 62,000 అబద్ధమని నేనే ఒప్పుకున్నట్లవుతుంది. అందుకే ధరల పట్టిక ఆయన ముందు పెట్టి ఏది తీసేద్దామని అడిగాను. కాసేపు చూసి, అసలు అమ్ముడుపోయేవి పన్నెండు రకాలే, మిగతావి అడిగినప్పుడు చేసిచ్చేవి అన్నారు. ఉత్పత్తులు 24 నుంచి 12కు దిగాయి. ఉత్పత్తుల పట్టిక దగ్గర 5,000 తగ్గింది, ఫొటోలకు సగం రోజు చాలు కాబట్టి అక్కడ 4,000 తగ్గింది. 53,000 దగ్గర ఇద్దరమూ సరే అనుకున్నాం. డొమైను పనిని మాత్రం ఆయన అడిగినా తీయనని చెప్పాను.

సంతకం పెట్టే ముందు, ఫారం వివరాల పక్కన పెన్నుతో ఒక వాక్యం చేర్చారు: ఎంక్వైరీ ఆఫీసు మెయిల్‌కే కాకుండా, వర్క్‌షాపులో సూపర్‌వైజర్‌కు కూడా వెళ్ళాలి. "దీనికెంత?" అని తలెత్తి చూశారు. ఫారంలో ఇంకో మెయిల్ చిరునామా చేర్చడమే, అదనం లేదన్నాను. రెండు ప్రతుల మీదా ఆ వాక్యం పక్కన ఇద్దరమూ పొడి సంతకాలు చేశాం. మర్నాడు మధ్యాహ్నం 26,500 నా ఖాతాలో పడింది. కొలతల పట్టిక రావడానికి మరో తొమ్మిది రోజులు పట్టింది. ఆరు వారాలు ఆ రోజు నుంచే లెక్కపెట్టాను, ఆయనా అలాగే లెక్కపెట్టారు.