తినకముందు, తిన్నాక మందు

2023 ఆగస్టులో ఒక సోమవారం ఉదయం ఫోను మోగితే అలవాటు ప్రకారం ఎడమ చెవికి ఆనించుకున్నాను. అవతలి నుంచి ఏమీ వినిపించలేదు. లైను తెగిపోయిందనుకొని పెట్టేయబోతూ ఎందుకో కుడి చెవికి మార్చి చూస్తే మా చెల్లెలు స్పష్టంగా మాట్లాడుతూనే ఉంది. ఎడమ చెవిలో మాత్రం ఎక్కడో దూరంగా రైసుమిల్లు ఆడుతున్నట్టు ఒకటే హోరు. రాత్రి పడుకునేటప్పుడు ఆ చెవి బాగానే ఉంది.

నాకు అప్పటికి యాభై నాలుగేళ్లు. కావలిలో దస్తావేజులు రాసే పని. గుబిలి అడ్డం పడి ఉంటుందని మా ఆవిడ అన్నది, నేనూ అదే అనుకున్నాను. మందుల షాపులో చుక్కల మందు కొనుక్కొని మూడు రోజులు వేసుకున్నాను. ఆ మూడు రోజులు వృథా చేశానన్న సంగతి నాలుగో రోజున మా ఊరి డాక్టరు చెబితే తెలిసింది. ఆయన శృతిదండాన్ని మోగించి నా నుదుటి మధ్య ఆనించి, మోత ఏ చెవిలో వినిపిస్తోందని అడిగారు. కుడి చెవిలో అన్నాను. గుబిలి వల్ల మూసుకుపోయిన చెవి అయితే ఆ మోత మూసుకున్న వైపే గట్టిగా వినిపిస్తుందట. బాగున్న చెవి వైపు జరిగిందంటే లోపలి చెవికో నరానికో దెబ్బ తగిలిందని అర్థం. కొద్ది గంటల్లోనో రెండు మూడు రోజుల్లోనో వచ్చే ఈ చెవుడుకు చాలామందిలో కారణం తెలియదు. స్టెరాయిడ్ మందు మొదటి రెండు వారాల్లో, అందులోనూ ఎంత ముందు మొదలుపెడితే అంత మంచిదని చెప్పి ఆయన నన్ను ఆ రోజే నెల్లూరుకు పంపించారు.

నెల్లూరు పొగతోట పేటలోని ఆసుపత్రిలో ఆ సాయంత్రం వినికిడి పరీక్ష చేశారు. కుడి చెవి మామూలుగా ఉంది. ఎడమ చెవికి మాత్రం డెబ్బై డెసిబెల్స్ మోత ఉంటేనే వినిపిస్తోంది, అంటే మనుషులు మామూలుగా మాట్లాడుకునే మాట ఆ చెవికి అందదు. కాగితం చూసి డాక్టరు గారు మందులు రాస్తూ వాటిని ఎలా వాడాలో చెప్పారు. అసలు అనారోగ్యం కన్నా ఎక్కువగా నన్ను ఇబ్బంది పెట్టిన ఘట్టం అక్కడే మొదలైంది.

ఆ గదిని ఒకసారి వర్ణించాలి. డాక్టరు గారి కుర్చీ నాకు ఎడమ వైపున ఉంది. ఆయన ముఖానికి మాస్కు ఉంది, చూపు చీటీ మీద ఉంది. పైన ఫ్యాను, తలుపు అవతల నలభై మంది, నా చెవిలో రైసుమిల్లు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఒక్క చెవితో నేను బాగానే వినగలను. కానీ చెడ్డ చెవి వైపు నుంచి వచ్చిన మాటకు మన తలే అడ్డుగోడ అవుతుంది. ఆ గోడను దాటి బొంగురు ధ్వనులు వస్తాయి కానీ స, త, క, చ వంటి సన్నని ధ్వనులు బాగా అరిగిపోతాయి. దాంతో మాట వినిపించినట్టే ఉంటుంది, ఏ మాటో మాత్రం తెలియదు. పూర్తిగా వినిపించకపోతే ఎవరైనా అడుగుతారు. సగం వినిపించినప్పుడే మిగతా సగాన్ని మనసు తనకు తోచినట్టు నింపేసుకుంటుంది.

ఆయన మూడు వాక్యాలు చెప్పారు, నేను మూడుసార్లు తల ఊపాను. అడగవచ్చు కదా అని ఇప్పుడు అనిపిస్తుంది. చెవి పోయిందని వచ్చిన మనిషి వినపడలేదని చెప్పడానికి సిగ్గుపడటం ఎంత విడ్డూరమో ఆ నిమిషాన నాకు తట్టలేదు. పెద్ద డాక్టరు చేత రెండోసారి చెప్పించుకోవడం మర్యాద కాదన్న జంకు ఒకటి ఉంది. చీటీలో అన్నీ ఉంటాయిలే అన్న ధీమా ఇంకొకటి. చీటీలో ఉన్నవి నాకు తెలియని ఇంగ్లీషు పొడి అక్షరాలు.

ఇంటికి వచ్చాక నా మనసులో మిగిలినది ఇది: ఇరవై మిల్లీగ్రాముల బిళ్లలు మూడు, పొద్దున ఒకేసారి, తినకముందు. వాటితో ఇచ్చిన ఇంకో బిళ్ల టిఫిను తర్వాత. ఆయన చెప్పినది సరిగ్గా దీనికి తిరగబడి ఉంది. కడుపు మంట రాకుండా ఇచ్చిన బిళ్ల తినడానికి అరగంట ముందు వేసుకోవాలి, మూడు స్టెరాయిడ్ బిళ్లలు కడుపు నిండా తిన్నాక వేసుకోవాలి. "తిన్నాక మందు వేసుకోండి" అన్న మాట నా చెవిలో "తినకముందు వేసుకోండి" అని పడింది. ఈ రెండింటినీ బయటకు పలికి చూస్తే, ఒక వత్తు, ఒక దీర్ఘం, ఒక కొమ్ము తప్ప వాటి మధ్య తేడా లేదని మీకే తెలుస్తుంది.

మూడో రోజుకు కడుపులో మంట మొదలైంది. అయిదో రాత్రి వాంతి అయింది. మందు పడలేదనుకొని ఆరో రోజు నా అంతట నేనే మానేశాను. అలా మానకూడదని, పది రోజులు పూర్తిగా వాడి తర్వాత మెల్లగా తగ్గించుకుంటూ రావాలని ఆయన చెప్పిన మూడో వాక్యం కూడా నేను తల ఊపి వదిలేసినదే.

ఏడో రోజున మళ్లీ నెల్లూరు వెళ్లాను. డాక్టరు గారు "ఎట్టా వేసుకుంటున్నారు?" అని అడిగితే చెప్పాను. ఆయన చీటీ తీసి చూసుకొని, నా వైపు చూశారు. "ఆ రోజు చెప్పాను కదండీ, మీరు సరేనన్నారు కదా." అప్పుడు చెప్పాను, "మీరు చెప్పినది నాకు సగమే వినపడిందండీ. వినపడకుండానే తల ఊపాను." ఆయన కోప్పడతారనుకున్నాను. ఆయన లేచి, కుర్చీ తెచ్చుకొని నా కుడి పక్కన కూర్చొని, మాస్కు కిందికి లాగి మళ్లీ మొదటి నుంచి చెప్పారు. "మీరు తల ఊపితే మీకు తెలిసిందనే నేననుకుంటాను. ఇంకో మాటలో చెప్పాలని నాకెట్టా తెలుస్తుంది?" అని మాత్రం అన్నారు. షుగరు పరీక్ష చేయించి, అదే మందును సరైన పద్ధతిలో మళ్లీ మొదలుపెట్టించారు.

ఎలా అడగాలో నేర్పినది మాత్రం వినికిడి పరీక్ష చేసిన అమ్మాయి. పరీక్ష గదిలో నేను ప్రతిదానికీ "ఆఁ? ఏంటి?" అంటుంటే ఆమె నవ్వి, "ఏంటి అంటే ఎదుటివాళ్లు అదే మాటను గట్టిగా అంటారు సార్. మీకు గట్టిదనం కాదు కావాల్సింది, తేట" అన్నది. దెబ్బ తిన్న చెవిలో అరుపు మరింత ముద్దగా, ఒక్కోసారి బాధగా కూడా వినిపిస్తుంది. అందుకని విన్నంతవరకు తిరిగి చెప్పి, తెగిన చోట ఆగి, అక్కడిదొక్కటే అడగమన్నది. "మూడు బిళ్లలు పొద్దున అన్నారు, అది తెలిసింది. టిఫినుకు ముందా, తర్వాతా?" అని అడిగితే ఎదుటి మనిషి పాట మళ్లీ మొదటి నుంచి అందుకోనక్కర లేదు. జవాబు కూడా రెండు మాటల్లో ఒకటే అవుతుంది కాబట్టి పట్టుకోవడం తేలిక. అదీ అందకపోతే అదే మాట మళ్లీ కాకుండా వేరే మాటలతో చెప్పమనాలి.

ఆమె చెబుతుంటే నాకు లోలోపల నవ్వు వచ్చింది. ముప్పై ఏళ్లుగా నేను చేస్తున్న పని అదే. దస్తావేజు రాశాక సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు చెప్పే చెక్కుబందీ అన్నీ పార్టీలకు చదివి వినిపించి, వాళ్లు ఔనన్నాకే వేలిముద్ర వేయిస్తాము. ఊరివాళ్ల పొలాలకు తీసుకున్న జాగ్రత్త నా కడుపుకు నేను తీసుకోలేదు.

స్టెరాయిడ్ బిళ్లల కోర్సు అయ్యేసరికి చెవి డెబ్బై నుంచి అరవైకి మాత్రమే వచ్చింది. అందుకని కర్ణభేరి గుండా లోపలికి మందు ఎక్కించాలన్నారు, వారానికి ఒకటి చొప్పున మూడు. ఇక్కడ నేను ముందుగా ఊహించని చిక్కు వచ్చింది. ఇంజెక్షను ఎడమ చెవికి కాబట్టి దాన్ని పైకి పెట్టి పడుకోవాలి. అప్పుడు బాగున్న కుడి చెవి దిండులో కూరుకుపోతుంది. బల్ల మీద ఒరిగానంటే ఎవరేం చెప్పినా నాకు అందదు. మొదటిసారి పడుకోబోతూ ఆగి, నర్సమ్మతో ఆ సంగతి చెప్పి, చెప్పవలసినవన్నీ ముందే చెప్పమన్నాను. ఆమె చెప్పింది. నేను తిరిగి అప్పజెప్పాను: "మందు వేశాక అరవై నిమిషాలు కదలకూడదు, మాట్లాడకూడదు, ఉమ్మి మింగకూడదు. కళ్లు తిరిగితే చెయ్యి ఎత్తాలి."

"అరవై కాదు సార్, ఇరవై."

ఆ మాట కోసమైనా అడగడం మంచిదైంది. అయిపోగానే భుజం తట్టమని కూడా మాట్లాడుకున్నాము. మందు పడగానే గది గిర్రున తిరిగింది కానీ, అలా జరుగుతుందని ముందే తెలుసు కాబట్టి కళ్లు మూసుకొని ఊరుకున్నాను, చెయ్యి ఎత్తాల్సిన అవసరం రాలేదు.

అరవై, ఇరవైల తగాదా ఆ తర్వాత ఆఫీసులోనూ ఎదురైంది. ఒక పెద్దాయన పొలం అమ్ముతూ సర్వే నంబరు చెప్పారు. బయట ఆటోలు, లోపల నలుగురి మాటలు. "నూట అరవై ఏడు, నేను విన్నది సరేనా? అంకెలు విడివిడిగా చెప్పండి, ఒకటి, ఆరు, ఏడేనా?" అని అడిగాను. ఆయన "ఆరెందుకయ్యా, ఒకటి, రెండు, ఏడు" అన్నారు. ఈ భాషలో ఇరవై, అరవై లాగా డెబ్బై, తొంభై కూడా ఒకదానికొకటి చుట్టాలు. అంకెలను విడదీసి అడిగితే ఆ చుట్టరికం తెగిపోతుంది. చెవులు రెండూ బాగున్న నా గుమాస్తా కూడా ఇప్పుడు అలాగే అడుగుతున్నాడు.

అన్నిచోట్లా ఈ పద్ధతి నడవదు. పెళ్లి మండపంలో మేళం మోగుతుంటే ఎన్నిసార్లు చెప్పించుకున్నా లాభం లేదు, మనిషిని చెయ్యి పట్టుకొని బయటకు తీసుకుపోవాలి. మూడోసారి అడిగితే "ఏం లేదులే" అని వదిలేసేవాళ్లు మన ఇళ్లలోనే ఉంటారు. మా చెల్లెలు అలాంటిదే. ఆ మాట వినకుండా వదిలేస్తే నాకు బాధ, పట్టుబడితే దానికి విసుగు. ఈ విషయంలో మాకు ఇంకా రాజీ కుదరలేదు.

మూడు ఇంజెక్షన్ల తర్వాత చెవి నలభై దగ్గర నిలిచింది. ఇక అంతకన్నా రాకపోవచ్చన్నారు. నరం మీద గడ్డ లేదని ఎమ్మారై కూడా తేల్చింది. హోరు తగ్గింది, పోలేదు.

మొన్న జ్వరానికి మందులు కొనడానికి వెళ్తే షాపులో కొత్త కుర్రవాడు ఉన్నాడు. బిళ్లలు కవర్లో వేస్తూ ఏదో గబగబా చెప్పాడు. "బాబూ, నాకు ఈ చెవి తక్కువ. రెండు రకాలిచ్చావు, తెల్లవి రోజుకు మూడన్నావు, అంతవరకు వినపడింది. పచ్చవి తిన్నాకా, తినకముందా?" అన్నాను. వాడు కౌంటరు పలక ఎత్తి ఇవతలికి వచ్చి, నా కుడి పక్కన నిలబడి, కవరు మీద పచ్చ బిళ్ల పక్కన అన్నం కంచం ఒకటి గీసి చూపించాడు. కంచం నిండుగా ఉందో, ఖాళీగా ఉందో నాకు తెలియలేదు. మళ్లీ అడిగాను.