టైటిల్-ఎపిగ్రాఫ్ ప్రశ్న: ఫస్ట్ అటెంప్ట్‌లో ఎక్కడ పోయింది, ఈసారి ఏం మార్చాను

నిన్న ఇంగ్లిష్ లిటరేచర్ ఎగ్జామ్ రిజల్ట్స్ వచ్చాయి, లిస్ట్‌లో నా నంబర్ ఉంది, రాత్రంతా నిద్ర పట్టలేదు. చాలామంది మెసేజ్ చేసి ప్లాన్ ఏంటి, ఏ బుక్స్ చదివావు అని అడుగుతున్నారు. పొయెట్రీ, డ్రామా, క్రిటిసిజం అన్నీ మీ అందరిలాగే చదివాను, పాత పేపర్లు చేశాను, నోట్స్ రాసుకున్నాను, అందులో కొత్తగా చెప్పేదేమీ లేదు. కానీ నవల టైటిల్ మీద, పుస్తకం మొదట్లో పెట్టే కొటేషన్ అంటే ఎపిగ్రాఫ్ మీద వచ్చే 20 మార్కుల ప్రశ్న ఉంది కదా, "టైటిల్, ఎపిగ్రాఫ్ నవల మొత్తాన్ని ఎలా ఫ్రేమ్ చేస్తాయో చర్చించండి" టైపు, దాని గురించి మాత్రం వివరంగా రాయాలి, ఎందుకంటే ఫస్ట్ అటెంప్ట్‌లో నేను ఎక్కువ నమ్మకంగా రాసింది అదే, తక్కువ వచ్చిందీ దాన్లోనే, 20కి 7.

నవల అందరికీ తెలిసిందే, నైజీరియా రచయిత అచెబె రాసిన, 1958లో వచ్చిన "థింగ్స్ ఫాల్ అపార్ట్". ఎపిగ్రాఫ్ ఐరిష్ కవి యేట్స్ "ది సెకండ్ కమింగ్" కవిత నుంచి మొదటి నాలుగు లైన్లు. డేగ గుండ్రంగా తిరుగుతూ తిరుగుతూ దూరమైపోతుంది, దాన్ని ఆడించేవాడి పిలుపు దానికి వినపడదు, "థింగ్స్ ఫాల్ అపార్ట్, ది సెంటర్ కెనాట్ హోల్డ్", లోకం మీదకి అరాచకం విరుచుకుపడుతుంది. ఇంతే.

అప్పుడు నేనేం రాశానంటే, ఒకటిన్నర పేజీ యేట్స్. 1919లో రాశాడు, మొదటి ప్రపంచ యుద్ధం అప్పుడే అయింది, మొదటి లైన్‌లో డేగ తిరిగే ఆ గైర్ అంటే ఏంటి, చరిత్ర రెండు వేల ఏళ్ల చక్రాలుగా తిరుగుతుందన్న ఆయన థియరీ ఏంటి, ఆ తర్వాత ఫ్రెంచ్ థియరిస్ట్ జెనెట్ చెప్పిన ఎపిగ్రాఫ్ ఫంక్షన్లు నాలుగూ వరసగా, చివర నవల హీరో ఒకాంక్వో గురించి ఒక పేరా "ఇలాగే ఒకాంక్వో జీవితం కూడా ఫాల్ అపార్ట్ అయింది, కాబట్టి టైటిల్ చాలా సముచితం" అని. ఒక్క తప్పు లేదు అనుకున్నాను. నిజంగానే ఫ్యాక్ట్స్‌లో తప్పు లేదు కూడా. ఆన్సర్ షీట్ కాపీ తెప్పించుకుని ఆ పేజీలు పదిసార్లు చూసుకున్నా ఎక్కడ పోయిందో అర్థం కాలేదు.

నాకంటే రెండేళ్ల ముందు క్లియర్ చేసిన ఒక అక్క ఉంది, ఆవిడకి చూపించాను. మొత్తం చదివి ఒకటే అడిగింది, "టైటిల్‌లో ఒకాంక్వో పేరుందా?"

లేదక్కా అన్నాను.

"మరి నువ్వు ఒకాంక్వో పడిపోయాడు కాబట్టి టైటిల్ కరెక్ట్ అని ఎలా రాశావు? అక్కడ 'థింగ్స్' అని ఉంది. ఆ మాట మళ్లీ నవల్లో ఎక్కడొస్తుందో వెతికావా?"

వెతకలేదు. నవల మూడుసార్లు చదివాను, ఒక్కసారి కూడా టైటిల్ చేతిలో పెట్టుకుని చదవలేదు. ఆ రాత్రి పెన్సిల్ పట్టుకుని మొదటి చాప్టర్ నుంచి మొదలుపెట్టి, ఎపిగ్రాఫ్‌లో ఉన్న మాటలు, వినడం, పిలవడం, పట్టి ఉంచడం, విడిపోవడం, ఇవి ఎక్కడ కనపడితే అక్కడ గీత పెట్టుకుంటూ పోయాను. 25 చాప్టర్లు, రెండు రోజులు పట్టింది.

అసలు దొరికింది 20వ చాప్టర్‌లో. ఏడేళ్ల బహిష్కారం అయిపోయి ఒకాంక్వో సొంత ఊరు ఉమువోఫియాకి తిరిగొస్తాడు, మనవాళ్లు ఎందుకు పోరాడలేదని ఫ్రెండ్ ఒబియెరికాని అడుగుతాడు. అప్పుడు ఒబియెరికా అంటాడు, తెల్లవాడు చాలా తెలివైనవాడు, మతంతో నెమ్మదిగా వచ్చాడు, మనం వాడి తిక్క చూసి నవ్వుకుని ఉండనిచ్చాం, ఇప్పుడు మన అన్నదమ్ముల్నే గెలుచుకున్నాడు, మనల్ని కలిపి పట్టి ఉంచిన వాటి మీద కత్తి పెట్టాడు, మనం విడిపోయాం అని. ఇంగ్లిష్‌లో ఆ చివరి భాగంలో "హెల్డ్ అజ్ టుగెదర్" అని ఉంటుంది, వెంటనే "వుయ్ హావ్ ఫాలెన్ అపార్ట్" అని ఉంటుంది. అంటే ఎపిగ్రాఫ్‌లోని ఆ ఒక్క లైన్‌లో ఉన్న రెండు క్రియలూ, హోల్డ్, ఫాల్ అపార్ట్, రెండూ ఒకే వాక్యంలో ఒక పాత్ర నోట్లోకి వచ్చేశాయి. నాకు ఒళ్లు జలదరించింది ఆ లైన్ దగ్గర, మూడుసార్లు చదివి కూడా దాటేసిన లైన్ అది.

ఇక్కడ ఆగి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. టైటిల్‌లో చేసినవాడు ఎవడూ లేడు. ఏవో పడిపోతున్నాయి, వాటంతట అవే, వర్తమానంలో. ఒబియెరికా వాక్యంలో మాత్రం కర్త ఉన్నాడు, కత్తి పెట్టినవాడు. "థింగ్స్" పోయి "మనం" వచ్చింది. పడిపోవడం కూడా అయిపోయిన పనిగా మారింది. దూరం నుంచి చూసే కవికి అది చరిత్ర చక్రం, లోపల బతికినవాడికి మాత్రం ఎవరో చేసిన పని. నవల ఈ రెండు మాటల మధ్యలో నడుస్తుంది, ఒకదాన్ని ఇంకోదానితో కొట్టేయదు. నిజానికి 20వ చాప్టర్ కంటే ముందే లోపలి పగుళ్లు చూపించాడు అచెబె. అడవిలో వదిలేసిన కవలల ఏడుపు, ఒకాంక్వో ఇంట్లో పెరిగిన ఇకెమెఫునాని చంపడం, ఇవి ఒకాంక్వో కొడుకు న్వోయె మనసులో పెట్టిన ప్రశ్నలకి 16వ చాప్టర్‌లో మిషనరీల పాట జవాబులా వినపడుతుంది. అందుకే "తెల్లవాళ్లు వచ్చి నాశనం చేశారు" అని ఒక్కటే రాసినా సగమే, "లోపలే కుళ్లిపోయింది" అని రాసినా సగమే. కర్త లేని టైటిల్ ఒకటి, కర్త ఉన్న వాక్యం ఒకటి, రెండూ కావాలి.

డేగ సంగతికొస్తే, ఇక్కడ నేను ఒక వారం వేస్ట్ చేశాను, మీరు చేయకండి. డేగ ఎవరు, ఆడించేవాడు ఎవరు అని టేబుల్ వేసుకున్నాను. ఒకాంక్వో ఆడించేవాడు, న్వోయె డేగ అనుకుంటే కొంచెం కుదురుతుంది, పూర్వీకులు ఆడించేవాళ్లు, తెగ డేగ అనుకుంటే ఇంకొంచెం కుదురుతుంది, కానీ ఏది తీసుకున్నా మూడో లైన్‌కి వచ్చేసరికి తేలిపోతుంది. ఒకదానికొకటి అతికిస్తే ఎపిగ్రాఫ్ పొడుపుకథ అయిపోతుంది. మనుషుల్ని వదిలేసి "పిలుపు, వినపడకపోవడం" అన్న పనిని పట్టుకున్నాక దారి దొరికింది. 2వ చాప్టర్‌లో రాత్రిపూట చాటింపు వేసేవాడి ఓగెనె గంట మోగుతుంది, పొద్దున్నే దాదాపు పదివేల మంది సంతలో చేరతారు, ఒక్క గొంతుతో బదులిస్తారు. 24లో కూడా చాటింపు మోగుతుంది, జనం వస్తారు, కానీ ఒకాంక్వో ప్రభుత్వ మెసెంజర్‌ని నరికాక మిగతా మెసెంజర్లని తప్పించుకుపోనిస్తారు, "ఎందుకు చేశాడు?" అన్న గొంతులు అతనికి వినపడతాయి. పిలుపు అదే, జనం వచ్చారు, కానీ జవాబు రాలేదు. ఎపిగ్రాఫ్‌లో రెండో లైన్ అర్థం ఈ రెండు సీన్ల మధ్య దూరంలో ఉంది, ఇది చూపించడానికి యేట్స్ జీవిత చరిత్ర ఒక్క ముక్క అక్కర్లేదు.

అలాగని యేట్స్‌ని పూర్తిగా వదిలేయమని కాదు. కవితలో మొత్తం 22 లైన్లు ఉన్నాయి, అచెబె నాలుగు దగ్గర ఆపేశాడు. ఎక్కడ ఆపాడో చూడటం చాలా ముఖ్యం, చాలామంది ఆ కోత గురించి రాయరు. మిగతా కవితలో బెత్లెహేమ్ వైపు ఈడ్చుకుంటూ వెళ్లే మృగం వస్తుంది, అంటే అక్కడ ముగిసిపోతున్నది క్రైస్తవ యుగం. నవల్లో క్రైస్తవం ముగియడం లేదు, అడుగుపెడుతోంది, ముగిసేది ఒకాంక్వో వాళ్ల ఇగ్బో లోకం. యూరప్ కవి తన నాగరికత గురించి పడ్డ భయాన్ని తీసుకొచ్చి, యూరప్ అసలు నాగరికతే లేదనుకున్న చోట పెట్టాడు, అంటే ఇక్కడా ఒక సెంటర్ ఉండేది, పోగొట్టుకోవడానికి ఏదో ఉండేది అని మొదటి పేజీకి ముందే చెప్పేశాడు. ఇది రెండు వాక్యాల్లో చెప్పి ముందుకెళ్లాలి. నేను అప్పట్లో ఒకటిన్నర పేజీ రాశాను. ఇంకో మాట, ఉమువోఫియాలో రాజు లేడు, పెద్దలు, ముసుగు వేసుకొచ్చే పూర్వీకులు, దేవతల మాట, అన్నీ కలిసి నడిపిస్తాయి. మరి "సెంటర్" అన్న మాట ఆ సమాజానికి పూర్తిగా సరిపోతుందా? ఒబియెరికా సెంటర్ అనలేదు, "కలిపి పట్టి ఉంచినవి" అన్నాడు, బహువచనంలో. ఎపిగ్రాఫ్ నవలకి అచ్చంగా సరిపోవాలని రూల్ లేదు, సరిపోని చోటు కూడా ఆన్సర్‌లో రాయొచ్చు, రాయాలి.

ఒక్క నవల మీద మూడు వారాలు కూర్చుంటే సిలబస్ ఎప్పుడు అవుతుందని ఫ్రెండ్స్ గట్టిగానే అన్నారు. వాళ్లది తప్పని అనను, కానీ నాకు అంత టైమ్ పట్టింది, ఆ మూడు వారాల తర్వాత ఏ నవల తీసినా ముందు టైటిల్ మాట లోపల ఎక్కడ, ఎవరి నోట్లో తిరిగొస్తుందో చూడటం అలవాటైపోయింది. ఇదే రైటర్ 1960లో రాసిన "నో లాంగర్ ఎట్ ఈజ్" టైటిల్ ఎలియట్ "జర్నీ ఆఫ్ ది మేజై" నుంచి వచ్చింది, దాని హీరో ఒకాంక్వో మనవడు. దాన్ని ఇదే పద్ధతిలో ఒక్క సాయంత్రంలో చేసేశాను.

ఈసారి పేపర్‌లో ప్రశ్న కొంచెం తిప్పి ఇచ్చారు, "నవల ముగింపు దాని టైటిల్‌ని ఎలా వెలిగిస్తుంది" అని. చూడగానే చేయి వణికింది, ఎందుకంటే ఆ చివరి పేజీ దగ్గర కూడా గీత పెట్టుకుని ఉన్నాను. ఒకాంక్వో ఉరి వేసుకున్నాక బ్రిటిష్ డిస్ట్రిక్ట్ కమిషనర్ వెళ్తూ వెళ్తూ తను రాయబోయే పుస్తకం గురించి ఆలోచిస్తాడు, వీడి మీద ఒక చాప్టర్ రాయొచ్చు, చాప్టర్ కాకపోయినా ఒక పేరా వస్తుంది అనుకుంటాడు, బాగా ఆలోచించి టైటిల్ కూడా పెట్టేసుకున్నాడు, "ది పాసిఫికేషన్ ఆఫ్ ది ప్రిమిటివ్ ట్రైబ్స్ ఆఫ్ ది లోయర్ నైజర్". నవల ఆఖరి మాటలు అవే, ఒక టైటిల్. ఒక టైటిల్‌తో మొదలైన పుస్తకం ఇంకో పుస్తకం టైటిల్ దగ్గర ఆగుతుంది. ఒబియెరికా "మనం విడిపోయాం" అన్న దాన్ని కమిషనర్ శాంతి నెలకొల్పడం అంటున్నాడు. జరిగింది ఒకటే, దానికి పేరు పెట్టే హక్కు ఎవరి చేతికి పోయిందన్నది ఆ రెండు టైటిల్స్ మధ్య ఉంది. నేను ఇంట్రో రాయకుండా నేరుగా ఆ కమిషనర్ టైటిల్‌తో మొదలుపెట్టి, వెనక్కి 20వ చాప్టర్‌కి, అక్కడి నుంచి ఎపిగ్రాఫ్‌కి వెళ్లాను, యేట్స్‌కి మూడు లైన్లు ఇచ్చాను, బెల్ కొట్టేసరికి ఒకాంక్వోకి కమిషనర్ ఇచ్చిన ఆ ఒక్క పేరా గురించి రాస్తున్నాను.